సకినాల బుకింగ్‌కి ఎస్సెమ్మెస్: అడిగి నంబర్ తీసుకోవడం నుంచి పంపేదాకా

పోయిన దసరాకి సరిగ్గా పది రోజుల ముందు నల్లకుంటలో మా వదిన పిండివంటల దుకాణం ఫోన్‌కి అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. ఇన్‌కమింగ్ వస్తోంది, మనం చేస్తే పోవట్లేదు. ఆర్డర్ ఇచ్చినవాళ్లకి "రెడీ అయింది, రండి" అని చెప్పడానికి వదిన తన కొడుకు ఫోన్ పట్టుకుని తిరిగింది. తప్పు నాదే. బిల్లు పుస్తకంలో రెండేళ్లుగా పోగైన నంబర్లన్నీ ఎక్సెల్‌లో కొట్టి, దుకాణం సిమ్ నుంచే రెండు రోజుల్లో సుమారు మూడొందల మందికి "దసరా స్పెషల్, అన్ని పచ్చళ్ల మీద పది శాతం తగ్గింపు" అని పంపాను. కొందరు కంప్లైంట్ కొట్టారు, పని అయిపోయింది.

అప్పటికి నాకు తెలియని రూల్ ఇది. మామూలు పదంకెల నంబర్ నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపకూడదు. పంపితే, పది రోజుల్లో ఐదు కంప్లైంట్లు వచ్చినా టెలికాం కంపెనీ చర్య తీసుకోవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నాటి నిబంధనలను 2025 ఫిబ్రవరిలో సవరించినప్పుడు ఈ హద్దు ఇంత కిందికి దిగింది, అంతకుముందు ఏడు రోజుల్లో పది కంప్లైంట్లు ఉండేది. మొదటిసారి తప్పుకి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు కట్, ఏడాది పాటు. మూడొందల మందిలో ఐదుగురికి విసుగు పుట్టించడం ఎంత పని చెప్పండి.

ఆ తర్వాత మూడు నెలలు పట్టింది పద్ధతిగా ఒక జాబితా కట్టడానికి. సంక్రాంతి సకినాలకి అది పని చేసింది. ఎట్లా కట్టామో, ఎక్కడ బోల్తాపడ్డామో వరసగా చెప్తాను. మీది చీరల షాపో, టిఫిన్ సెంటరో, బ్యూటీ పార్లరో అయినా దారి ఇదే, సరుకు మారుతుంది అంతే.

ముందు పాత నంబర్లు పక్కన పెట్టండి

ఇది చాలామందికి మింగుడుపడదు. "వాళ్లు మా కస్టమర్లే కదా, నంబర్ వాళ్లే ఇచ్చారు కదా" అంటారు. ఇచ్చారు, కాని బిల్లు కోసం ఇచ్చారు, లేదా "సరుకు రాగానే ఫోన్ చెయ్యి" అని ఇచ్చారు. అందుకే వాడాలి. కొన్నంత మాత్రాన ఆఫర్లు పంపమని అనుమతి ఇచ్చినట్టు కాదు. అసలు బిల్లు వేయడానికి ఫోన్ నంబర్ తప్పనిసరి అని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకి చెప్పింది.

డబ్బులిచ్చి కొనే "హైదరాబాద్ డేటా" సంగతి ఇక చెప్పక్కర్లేదు. నాకూ ఒకాయన ఆఫర్ ఇచ్చాడు, కూకట్‌పల్లి నుంచి ఉప్పల్ దాకా ఏరియాల వారీగా నంబర్లు. సకినాలు కొనేవాళ్లెవరో, డయాబెటిస్‌తో స్వీటు షాపు వైపే చూడనివాళ్లెవరో అందులో తెలియదు. పైగా ఆ నంబర్లలో ఒక్కరు కూడా మన పేరు విని ఉండరు కాబట్టి మెసేజ్ చూడగానే వేలు కంప్లైంట్ మీదికే పోతుంది.

పాతవాళ్లని వదులుకోమని కాదు. వాళ్లు మళ్లీ దుకాణానికి వస్తారు, అప్పుడు ఎదురుగా అడుగుదాం. రానివాళ్లకి మన మెసేజ్ అవసరం కూడా అంతంతే.

కౌంటర్ దగ్గర అడిగే తీరు

మేము ఒక చిన్న చీటీ అచ్చేయించాం, బస్ టికెట్ కంటే కాస్త పెద్దది. మొదటిసారి రాసిన చీటీ మీద "ఆఫర్లు, అప్‌డేట్లు పంపడానికి అంగీకరిస్తున్నాను" అని ఉండేది, పక్కన టిక్ కూడా ముందే అచ్చేసి పెట్టాను, తెలివి అనుకుని. నింపమంటే ఒక పెద్దావిడ కళ్లజోడు పైకి తోసి చదివి, "ఏం ఆఫర్లు బిడ్డా, పొద్దున లేస్తే ఫోన్ టింగు టింగుమంటది, నాకొద్దు" అని చీటీ తిరిగిచ్చేసింది. అదే ఆవిడ రెండు నిమిషాల తర్వాత వదినని అడిగింది, "సకినాలు ఎప్పుడు చేస్తవ్? పోయినసారి నేనొచ్చేసరికి అయిపోయినయ్" అని.

చీటీలో లోపం ఆవిడే చూపించింది. ఆవిడకి ఆఫర్ వద్దు, సకినాల కబురు కావాలి. ఆ రాత్రే మార్చాం. ఇప్పుడున్నది ఇది:

"సకినాలు, అరిసెలు, పచ్చళ్లు ఎప్పుడు మొదలుపెడతామో, బుకింగ్ ఎప్పటిదాకా ఉందో ఎస్సెమ్మెస్‌లో చెప్పమంటారా? నెలకి రెండుకి మించవు. మీ నంబర్ ఇంకెవరికీ ఇవ్వం. ఎప్పుడు వద్దన్నా ఆపేస్తాం, కారణం అడగం."

కింద మూడు ఖాళీ గళ్లు: పండగ పిండివంటలు, ఆవకాయ సీజన్, రోజువారీ పొడులు. ఇంకో గడి "వెల్లుల్లి తినం". దాని కింద భాష: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్. పేరు, నంబర్, తేదీ, సంతకం. అంతే. పుట్టినరోజు, పెళ్లిరోజు, చిరునామా అడగలేదు. వాడని వివరం తీసుకుంటే కాపాడే బరువు మాత్రం మనదే.

గళ్లు ఖాళీగా ఎందుకంటే, టిక్ పెట్టాల్సింది వాళ్లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అంటే మనిషి తనంతట తాను, దేనికో తెలిసి, స్పష్టంగా ఒక పని చేసి చెప్పాలి. ముందే పెట్టిన టిక్ ఆ లెక్కలోకి రాదు. ఇంకో మాట కూడా ఉంది ఆ చట్టంలో: ఒప్పుకోవడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలి. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. గడువుంది కదా అని పాత పద్ధతిలో పోగేస్తే తర్వాత మళ్లీ అందరినీ అడుక్కోవాలి. అందుకని ఇప్పుడే సరిగ్గా తీసుకోవడం మేలు.

"నంబరిస్తే ఐదు శాతం తగ్గిస్తాం" అని పెట్టొద్దు. మేము ఒక వారం పెట్టి చూశాం. చీటీలు బాగానే నిండాయి, కాని వాటిలో బోలెడు తప్పు నంబర్లు, కొన్ని తొమ్మిదంకెలే. తగ్గింపు కోసం నంబర్ ఇచ్చినవాడికి మన కబురు అక్కర్లేదు. ఆ వారం చీటీలు చించేశాం.

నంబర్ సరిచూడ్డానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి "ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి ఆంటీ" అంటుంది. వచ్చిన నంబర్, చీటీలో నంబర్ ఒకటే అయితే చీటీ మూలన ఒక చుక్క. చుక్క లేని చీటీ జాబితాలోకి ఎక్కదు. పిల్లాడిని పంపిస్తే వాడు "మా మమ్మీ నంబర్ రాస్కోండి అక్కా" అంటాడు చూడండి, అది రాసుకోవద్దు. మమ్మీ వచ్చినప్పుడు మమ్మీనే అడగాలి.

ఇలా రోజుకి నాలుగో ఐదో చీటీలు వచ్చేవి, ఆదివారం ఎక్కువ. సంక్రాంతికి 320 అయ్యాయి. పాత మూడొందల కంటే ఇరవయ్యే ఎక్కువ, కాని ఈ 320 మందిలో ప్రతి ఒక్కరు దేనికి ఊఁ అన్నారో కాగితం మీద ఉంది.

జాబితా ఎక్కడ పెట్టాలి

ఒక షీట్ చాలు. నంబర్, ఏ తేదీన ఒప్పుకున్నారు, ఏయే గళ్లలో టిక్ పెట్టారు, భాష, ఏ చీటీ వాడుతున్నప్పుడు ఒప్పుకున్నారు (చీటీలో మాటలు మార్చిన ప్రతిసారీ దానికో అంకె వేశాం), ఆపమన్న తేదీ. షీట్ ఇద్దరి దగ్గరే ఉంటుంది, వదిన, నేను. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో చీటీల ఫొటోలు పెట్టడం మొదట్లో మేమూ చేశాం, మానేశాం. పని మానేసిన మనిషి ఫోన్‌లో కూడా ఆ ఫొటోలు ఉండిపోతాయి.

ఆపమన్నవాళ్ల వరసని తుడిచేయొద్దు. పేరూ మిగతా వివరాలూ తీసేసి, నంబర్, ఆపమన్న తేదీ మాత్రం ఉంచండి. తుడిచేస్తే రేపు పాత చీటీ ఎక్కడో దొరికి ఎవరో మళ్లీ ఎక్కించేస్తారు. ఆపమన్నాక 90 రోజుల దాకా మళ్లీ ఒప్పుకోమని అడగకూడదని కూడా 2025 సవరణలో ఉంది, దానికీ ఈ తేదీ కావాలి.

డీఎల్‌టీ: విసుగు పుట్టించే భాగం

దేశంలో ఏ వ్యాపారమైనా పదిమందికి కట్టగట్టి ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు కావాలి. జియో, ఎయిర్‌టెల్, వీ, బీఎస్‌ఎన్‌ఎల్, ప్రతివాళ్లకీ ఒక పోర్టల్ ఉంది. ఒక్కదాంట్లో చేస్తే చాలు, మిగతా నెట్‌వర్కులకీ పోతుంది. పాన్, జీఎస్‌టీ లాంటి వ్యాపారపు కాగితం, సంతకం పెట్టిన అధికార పత్రం అడుగుతారు. సొంత పేరు మీద నడిపే చిన్న దుకాణమైనా చేసుకోవచ్చు. ఫీజు పోర్టల్‌ని బట్టి ఉంటుంది, కొన్ని వేలు పక్కన పెట్టుకోండి. కాగితంలో పేరు, పాన్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి కొడతారు. మాది రెండుసార్లు వచ్చింది, వదిన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉందని. పండగకి నెలన్నర ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

నమోదయ్యాక నాలుగు పనులు వరసగా చేయాలి, ఒకటి తప్పినా మెసేజ్ కదలదు. మొదట మీకు పీఈ ఐడీ వస్తుంది, అంటే పంపేది మీరే అని గుర్తు. తర్వాత హెడర్, అంటే ఫోన్‌లో పైన కనబడే పేరు. తర్వాత టెంప్లేట్, అంటే పంపబోయే మాటలు ముందే రాసి ఆమోదం తీసుకోవడం. ధర, తేదీ లాంటి మారే చోట్లు ఖాళీలుగా వదలొచ్చు, ఆ ఖాళీలో ఏ రకం వస్తుందో చెప్పాలి. లింక్ గానీ, "ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని నంబర్ గానీ పెడితే వాటిని కూడా ముందే నమోదు చేయించాలి. చివరిది, మెసేజ్‌లు పంపించే వెండర్‌ని మీ పీఈ ఐడీకి పోర్టల్‌లో జత చేయడం. దీన్నే చైన్ అంటారు. మధ్యలో ఇద్దరు వెండర్లుంటే ఇద్దరూ ఆ చైన్‌లో ఉండాలి. మా మొదటి పరీక్ష మెసేజ్ ఒక్కరికీ చేరలేదు. వెండర్ "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ సార్" అంటూ రెండు రోజులు గడిపాడు. తీరా చూస్తే చైన్‌లో అతను మెసేజ్‌లు కొనే పైవాడి పేరు లేదు. మెసేజ్ ఒక్కటీ చేరకపోతే ముందు చైన్ చూడండి, కొందరికి చేరి కొందరికి చేరకపోతే డీఎన్‌డీ చూడండి, అంటే ప్రమోషన్ మెసేజ్‌లు వద్దని కస్టమర్ పెట్టుకున్న అడ్డు.

టెంప్లేట్ ఏ రకమో ఎంచుకునేటప్పుడు ఒక ఆశ పుడుతుంది. ప్రమోషనల్ అని పెడితే డీఎన్‌డీ వాళ్లకి పోదు, అదే సర్వీస్ అని పెడితే అందరికీ పోతుంది కదా అని. వెండర్లు కూడా ఈ సలహా ఇస్తారు. వద్దు. "మీ ఆర్డర్ రెడీ" సర్వీస్ అవుతుంది, "బుకింగ్ మొదలు" ప్రమోషనే. ఇప్పుడు హెడర్ చివర -P, -S, -T, -G అని రకం కనబడుతోంది, కస్టమర్‌కే తెలిసిపోతుంది. -S పెట్టి అమ్మకం మాట రాస్తే కంప్లైంట్ చేయడానికి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు.

మరి మన దగ్గర చీటీ మీద సంతకం పెట్టి, డీఎన్‌డీలో కూడా ఉన్నవాళ్ల సంగతి? ఇక్కడ చాలామంది పొరబడతారు. చీటీ మన దగ్గర రుజువు మాత్రమే, టెలికాం కంపెనీ జల్లెడకి ఆ చీటీ కనబడదు. డీఎన్‌డీ వాళ్ల సమ్మతి డీఎల్‌టీలోనే నమోదు కావాలి. దానికి 127తో మొదలయ్యే షార్ట్‌కోడ్ నుంచి కస్టమర్‌ని అడిగి జవాబు తీసుకునే ఏర్పాటు ఉంది. మీ వెండర్ అది చేయించగలడేమో అడగండి. లేకపోతే కస్టమరే 1909 ద్వారా లేదా తన టెలికాం కంపెనీ యాప్‌లో అన్నీ మూసేయకుండా ఆహారం అనే కేటగిరీ ఒక్కటి తెరిచి ఉంచుకోవచ్చు. మా జాబితాలో అలాంటివాళ్లని డెలివరీ రిపోర్ట్ చూసి పట్టుకున్నాం, వదిన వాళ్లకి తీరిక ఉన్నప్పుడు ఫోన్ చేసి చెబుతుంది. మనిషి మనిషికి చేసే ఒక ఫోన్, వాళ్లు అడిగిన కబురు చెప్పడానికి, ఎవరికీ కోపం తెప్పించలేదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ చాలదా అని అడుగుతారు. చిన్నదానికి చాలు. కాని ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందే పడతారు, పైగా మన నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. సేవ్ చేసుకోనివాళ్లకి చేరట్లేదని మనకి తెలియను కూడా తెలియదు.

తెలుగులో రాస్తే ఖర్చు ఎలా పెరుగుతుంది

ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 చోట్లు. తెలుగు లిపిలో 70 మాత్రమే. దాటితే ముక్కలవుతుంది, ముక్కకి 67. ముక్కకో ఛార్జీ. అదీ మన కంటికి కనబడే అక్షరాల లెక్క కాదు, గుణింతం, వత్తు, సున్న, ప్రతిదీ విడిగా లెక్కే. "పచ్చళ్లు" చూడండి. మనకి మూడక్షరాలు: ప, చ్చ, ళ్లు. యంత్రానికి ఎనిమిది: ప, చ, పొల్లు, చ, ళ, పొల్లు, ల, కొమ్ము.

మా సకినాల మెసేజ్ అసలు భాగం ఇది:

"సకినాలు బుకింగ్ మొదలు. 60 కిలోలే చేస్తాం. జనవరి 8 లోపు చెబితే 12న తాజాగా తీసుకోవచ్చు. కిలో రూ.560."

ఇది 98. రెండు ముక్కల్లో 134 పడతాయి కాబట్టి మిగిలింది 36. అందులో దుకాణం పేరు, పదంకెల ఫోన్ నంబర్, ఆపేయడానికి దారి ఇరికించాలి. మొదటి ప్రతిలో "ప్రియమైన కస్టమర్లకు సంక్రాంతి శుభాకాంక్షలు" కూడా ఉండేది. అది తీసేయడంతోనే మూడో ముక్క పోయింది. మీ వెండర్ ముక్కకి పాతిక పైసలు తీసుకుంటాడనుకుందాం. మూడొందల మందికి రెండు ముక్కలంటే 150 రూపాయలు, మూడైతే 225. ఈ డెబ్బై ఐదు రూపాయలు పెద్ద మొత్తం కాదు నిజమే, కాని శుభాకాంక్షల వెనక దాక్కున్న తేదీని ఎవరూ చదవరు, అదీ అసలు నష్టం.

ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపేవాళ్లున్నారు, చవక. అందులో ఒక మెలిక: రూపాయి గుర్తు ₹ ఒక్కటి పడినా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి జారిపోతుంది. వర్డ్‌లో రాసి అతికించేటప్పుడు వచ్చే వంకర కొటేషన్లతో కూడా అంతే. బిల్లు అనుకున్నదానికి రెండింతలు వస్తే అదే కారణం, వెండర్‌తో పోట్లాడే ముందు మెసేజ్ ఒకసారి చూసుకోండి.

ఏం పంపితే మనుషులకి పనికొస్తుంది

పది శాతం తగ్గింపు అని పంపినప్పుడు ఏమైందో పైన చెప్పాను. కంప్లైంట్ ఒక ఎత్తు, ఇంకో ఎత్తు ఏంటంటే, వచ్చినవాళ్లు ఎలాగూ కొనేవాళ్లే. వాళ్ల దగ్గర పది శాతం వదులుకున్నాం. తర్వాతి నెల ఒకాయన "మళ్లీ ఎప్పుడు తగ్గిస్తారు, అప్పుడే తీసుకుంటా" అన్నాడు.

అందుకని ఒక నోటుపుస్తకం పెట్టి, కౌంటర్ దగ్గర జనం అడిగే ప్రశ్నలు నెలపాటు రాయించాం. ధర తగ్గించమని అడిగినవాళ్లు తక్కువే. ఎక్కువ అడిగినవి: ఎప్పుడు చేస్తారు, నేనొచ్చేదాకా ఉంటాయా, వెల్లుల్లి లేకుండా చేస్తారా, అమెరికాకి ప్యాక్ చేసిస్తారా. మా మెసేజ్‌లన్నీ ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులే.

సకినాలు దీనికి బాగా సరిపోయే సరుకు. బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్టాలి.  నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే రోజుకి ఇన్ని కిలోలని ఒక హద్దు ఉంటుంది. కాబట్టి మనం ఇచ్చేది తగ్గింపు కాదు, "మీ వాటా పక్కన పెడతాం" అనే మాట. జాబితాలో ఉన్నవాళ్లకి మూడు రోజుల ముందు చెప్పి, తర్వాతే దుకాణం ముందు బోర్డు పెట్టాం. పూర్తి ధరకే బుక్ చేసుకున్నారు.

60 కిలోలే అన్నాక 60కే ఆపాం. ఆర్డర్లు ఇంకా వస్తున్నాయని చేతులు లాగాయి, వదినే ఒప్పుకోలేదు. అయిపోయిందన్న సరుకు మర్నాడు గాజు సీసాలో కనబడితే నల్లకుంట మార్కెట్ అంతా తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఇలాంటి ఉత్తుత్తి తొందర పెట్టడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో తప్పుగానే రాశారు.

వెల్లుల్లి తినం అని టిక్ పెట్టినవాళ్లు చిన్న గుంపు. ఎండాకాలం ఆవకాయప్పుడు వాళ్లకి వేరే మెసేజ్: వెల్లుల్లి లేనిది ఏ రోజు, వేరే జాడీ, వేరే గరిటె. చిన్న గుంపుకి పంపే ఇలాంటి కబురుకి జవాబులు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే అది తమకే రాసిన ఉత్తరంలా ఉంటుంది. దానికి భిన్నంగా, "రోజువారీ పొడులు" టిక్ పెట్టని మనిషికి కారప్పొడి మెసేజ్ పోతే, ఎంత మంచి కారప్పొడైనా, అది మాట తప్పడమే.

ప్రమోషనల్ మెసేజ్ పొద్దున 10 నుంచి రాత్రి 9 మధ్యనే పంపాలి. మేము సాయంత్రం నాలుగున్నరకి పంపుతాం. అప్పటికి ఆడవాళ్లకి కాస్త తీరిక, ఆఫీసు వాళ్లు ఇంటికి పోయే దారిలో గుర్తుంచుకుంటారు. ఫోన్ ఎత్తడానికి మనిషి ఉన్న గంటల్లోనే పంపాలి, ఇది మర్చిపోయి ఒకసారి దుకాణం మూసే వేళకి పంపితే మిస్డ్ కాల్స్ ఇరవై దాకా పడి ఉన్నాయి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మెసేజ్ పంపాక అమ్మకం పెరిగితే మెసేజ్ వల్లే అనుకుంటాం. శనివారం ఎలాగూ అమ్మకం ఎక్కువే కదా. దీనికి ఒక పాత చిట్కా: జాబితాలో కొందరికి కావాలనే పంపకుండా వదలడం. సకినాల్లాంటి అడిగి మరీ చెప్పించుకున్న కబురుతో ఈ పని చేయొద్దు, అది వాళ్లకి అన్యాయం. పొడుల మెసేజ్‌తో చేసి చూడండి.

లెక్క ఇలా ఉంటుంది. పొడులకి ఒప్పుకున్నవాళ్లు 200 మంది అనుకుందాం. నంబర్ చివరి అంకె 0 గానీ 5 గానీ ఉన్నవాళ్లని వదిలేస్తే సుమారు 40 మంది పక్కకి పోతారు, 160 మందికి మెసేజ్ పోతుంది. వారంలో ఆ 160 మందిలో 24 మంది కొన్నారు, అంటే వందకి 15. పంపని 40 మందిలో 4 కొన్నారు, వందకి 10. మెసేజ్ తెచ్చింది 15 కాదు, మధ్య తేడా 5. అంటే 160 మందిలో ఎనిమిది మంది. పావుకిలో పొడి మీద మీకు మిగిలేది ఎనిమిదితో గుణించి, మెసేజ్ ఖర్చు తీసేసి చూసుకోండి. 40 మంది గుంపులో ఒకరిద్దరు అటూ ఇటూ అయినా లెక్క తారుమారవుతుంది కాబట్టి ఒక్కసారితో తేల్చేయకుండా మూడు నాలుగు మెసేజ్‌ల లెక్క కలిపి చూడాలి.

దీనికంటే ముందే జాబితా బాగోగులు చెప్పే అంకె ఇంకొకటి ఉంది: ఒక్కో మెసేజ్ తర్వాత ఎంతమంది ఆపమన్నారు. సకినాల మెసేజ్‌కి ఇద్దరు. అంతకుముందు నవంబర్‌లో "చలికాలం స్పెషల్" అని తోచక పంపిన మెసేజ్‌కి పదకొండు మంది. ఆ పదకొండు మందీ సకినాల కబురు అందుకోకుండానే పోయారు.

ఈమెయిల్ ఎవరికి

మాకు ఈమెయిల్ జాబితా చిన్నది. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు, పార్శిల్ ఆర్డర్ పెట్టే ఆ పిల్లలు, దీపావళి డబ్బాలు తీసుకునే హైటెక్ సిటీ ఆఫీసుల హెచ్చార్ వాళ్లు. వీళ్లకి ఫొటో, బరువులు, ప్యాకింగ్ వివరాలు కావాలి, ఎస్సెమ్మెస్‌లో పట్టవు. ఇక్కడ నమోదయ్యాక ఒక నిర్ధారణ మెయిల్ పంపి, అందులో లింక్ నొక్కితేనే జాబితాలో చేర్చుకోండి. తప్పు స్పెల్లింగ్ చిరునామాలు అక్కడే రాలిపోతాయి.

మామూలు జీమెయిల్ నుంచి బీసీసీలో వందలమందిని పెట్టి పంపితే స్పామ్‌లోకే పోతుంది. సొంత డొమైన్, ఆ మెయిల్ నిజంగా మనదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు కావాలి, మెయిల్ పంపే సర్వీసు వాళ్లు ఏ రికార్డు ఎక్కడ అతికించాలో చూపిస్తారు, అరగంట పని. ఆపేసే లింక్ కింద బూడిద రంగులో దాచకుండా కనబడేట్టు పెట్టండి. అది దొరకనివాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు, ఆ దెబ్బ మిగతా అందరికీ పోయే మెయిళ్ల మీద పడుతుంది.

వెండర్‌ని పెట్టుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. "డీఎల్‌టీ మేమే చేసిపెడతాం సార్, మీరు ఓటీపీ చెప్పండి చాలు" అంటారు. చేయించుకోండి, కాని పోర్టల్‌లో లాగిన్ ఫోన్ నంబర్, ఈమెయిల్ మీవే పెట్టించండి. మా పక్క వీధి టైలర్ వెండర్ మెయిల్ ఐడీతో చేయించుకున్నాడు. రేటు ఎక్కువని వేరేవాడి దగ్గరికి పోదామంటే ఇప్పుడు హెడర్, టెంప్లేట్లు అన్నీ ఆ పాతవాడి లాగిన్‌లోనే ఉన్నాయి, వాడేమో ఫోన్ ఎత్తట్లేదు.